80డీడీ, 80యూ, 80డీడీబీ: వైకల్యం ఉన్న కుటుంబ సభ్యుడి కోసం ఏది, ఎవరి పేరు మీద, ఏ సర్టిఫికెట్‌తో?

ఇంట్లో వైకల్యం ఉన్న పిల్లాడో, పక్షవాతంతో మంచం పట్టిన తల్లో ఉంటే ఆదాయపు పన్నులో మినహాయింపు వస్తుందని అందరూ చెబుతారు. ఏ సెక్షన్ కింద వస్తుంది, మొగుడు వేసుకోవాలా పెళ్లాం వేసుకోవాలా, సదరం సర్టిఫికెట్ సరిపోతుందా, డాక్టరు ఫారం కూడా కావాలా అని అడిగితే మాత్రం తలో మాట చెబుతారు. హైదరాబాద్‌లో జీతం మీద బతికే కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని ఈ దారులను పక్కపక్కన పెట్టి చూద్దాం. లెక్కలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది కాబట్టి తర్వాతి సంవత్సరాలకు సెక్షన్ల నంబర్లు మారతాయి. 2025-26 ఆదాయానికి మాత్రం పాత నంబర్లే.

ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, మీరు పాత పన్ను విధానంలో ఉంటారా, కొత్త దానిలోనా. కొత్త విధానంలో ఈ మూడు సెక్షన్లలో ఒక్కటీ పనిచేయదు. ఇది తేల్చకుండా సర్టిఫికెట్ కోసం ఆసుపత్రుల చుట్టూ తిరిగేవాళ్లు చాలామంది. సర్టిఫికెట్ వల్ల పెన్షన్, బస్సు పాసు, రైలు రాయితీ లాంటి ఉపయోగాలు ఎలాగూ ఉంటాయి. కానీ పన్ను కోసమే అయితే ముందు లెక్క వేసుకోవాలి.

రెండోది, ఎవరి ఆదాయం మీద వేసుకోవాలి. మూడోది, సర్టిఫికెట్‌లో రాసిన పర్సంటేజీ: 40, 80 అనే రెండు గీతలే ఇక్కడ ముఖ్యం. నాలుగోది, ఆ సర్టిఫికెట్ ఎవరు ఇచ్చారు, ఎంతకాలం చెల్లుతుంది.

మూడు సెక్షన్లు పక్కపక్కన

| | 80డీడీ | 80యూ | 80డీడీబీ |
|---|---|---|---|
| ఎవరి కోసం | మీ మీద ఆధారపడిన వైకల్యం ఉన్న కుటుంబ సభ్యుడు | వైకల్యం ఉన్న వ్యక్తి తన కోసమే | తనకు లేదా ఆధారపడిన వారికి జాబితాలోని జబ్బుల చికిత్స |
| ఎంత | 40 శాతం నుంచి 75,000. 80 శాతం నుంచి 1,25,000 | అవే మొత్తాలు | అసలు ఖర్చు, గరిష్ఠంగా 40,000. రోగికి 60 ఏళ్లు నిండితే 1,00,000 |
| బిల్లులతో సంబంధం | ఖర్చు కొంతైనా ఉండాలి, మొత్తం మాత్రం స్థిరం | అవసరం లేదు | ఇన్సూరెన్స్, ఆఫీసు తిరిగిచ్చింది తీసేసి మిగిలినది |
| కాగితం | వైకల్య సర్టిఫికెట్ | వైకల్య సర్టిఫికెట్ | స్పెషలిస్ట్ ప్రిస్క్రిప్షన్ |

80డీడీలో ఆధారపడినవారు అంటే భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. అత్తమామలు రారు. అల్లుడు ఎంత ఖర్చు పెట్టినా కూతురి పేరు మీదే వేసుకోవాలి. ఆ వ్యక్తి పూర్తిగానో ప్రధానంగానో మీ మీద ఆధారపడి ఉండాలి, తన రిటర్న్‌లో 80యూ వేసుకోకుండా ఉండాలి.

వినికిడి లోపం ఉన్న తమ్ముడు ఐటీ ఉద్యోగం చేసుకుంటుంటే అన్నకు 80డీడీ రాదు. తమ్ముడే 80యూ వేసుకోవాలి. అదే తమ్ముడు చదువుకుంటూ అన్న జీతం మీద ఉంటే అన్న 80డీడీ వేసుకోవచ్చు. ఈ రెంటిలో ఎంపిక అంటూ పెద్దగా లేదు, సంపాదన ఎవరిది అన్నదే నిర్ణయిస్తుంది. పని చేసుకునే ఆ తమ్ముడికి ఇంకో మాట: చూపు లేనివారికి, వినపడని మాట్లాడలేని వారికి, కాళ్ల వైకల్యం ఉన్నవారికి ఆఫీసు ఇచ్చే రవాణా అలవెన్సులో నెలకు 3,200 వరకు పన్ను లేదు. ఇది కొత్త విధానంలో కూడా ఉంటుంది. జీతం స్లిప్పులో ఆ పద్దు లేకపోతే హెచ్‌ఆర్‌ని అడగడం వల్ల పోయేదేమీ లేదు.

80డీడీ, 80డీడీబీ ఒకదానికొకటి అడ్డు కావు. రెండింటి షరతులూ విడివిడిగా నెరవేరితే ఒకే మనిషి కోసం రెండూ వేసుకోవచ్చు. కానీ 80డీడీబీ జబ్బుల జాబితా చిన్నది: క్యాన్సర్, దీర్ఘకాలిక కిడ్నీ వైఫల్యం, హీమోఫిలియా, తలసేమియా, పూర్తిస్థాయి ఎయిడ్స్, 40 శాతం వైకల్యం దాకా ముదిరిన పార్కిన్సన్స్, డిమెన్షియా, మోటార్ న్యూరాన్ జబ్బు లాంటి కొన్ని నరాల జబ్బులు. మామూలు పక్షవాతం ఈ జాబితాలో లేదు. పక్షవాతంతో కాలు చెయ్యి పడిపోయిన తల్లికి దారి 80డీడీ, అంటే చలన వైకల్యం కింద ప్రభుత్వ వైద్య బోర్డు ఇచ్చే సర్టిఫికెట్. పార్కిన్సన్స్ ఉన్న 70 ఏళ్ల తల్లికి చికిత్స ఖర్చు బాగా ఉండి, ఇన్సూరెన్స్ నుంచి తక్కువ వస్తుంటే ముందు 80డీడీబీ చూడాలి. న్యూరాలజిస్ట్ రాసిన ప్రిస్క్రిప్షన్‌లో రోగి పేరు, వయసు, జబ్బు పేరు, డాక్టరు పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు, డిగ్రీ ఉంటే చాలు, వేరే బోర్డు అక్కర్లేదు.

పాత విధానమా, కొత్తదా: ఒక కుటుంబం లెక్క

మియాపూర్‌లో అద్దెకుండే ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. భర్త జీతం 18 లక్షలు, అందులో బేసిక్ 9 లక్షలు, హెచ్‌ఆర్‌ఏ 3.6 లక్షలు. నెలకు అద్దె 32,500. భార్య టీచరు, జీతం 9 లక్షలు. కొడుకుకు ఎనిమిదేళ్లు, సెరిబ్రల్ పాల్సీతో పాటు మేధో వైకల్యం కూడా ఉంది.

ముందు భార్య సంగతి. కొత్త విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ కలుపుకుని 12.75 లక్షల జీతం దాకా పన్నే పడదు. ఆవిడ పేరు మీద 80డీడీ వేస్తే మిగిలేది సున్నా. ఒకే బిడ్డ మీద ఇద్దరూ వేసుకోవచ్చా అని అడుగుతుంటారు. బిడ్డ ప్రధానంగా ఎవరి మీద ఆధారపడ్డాడు అన్న ప్రశ్నకు ఇద్దరి పేర్లూ జవాబుగా చెబితే నోటీసు వచ్చినప్పుడు నిలబెట్టడం కష్టం. వేస్తే భర్త పేరు మీదే వేయాలి.

ఇప్పుడు భర్త. కొత్త విధానంలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తే 17.25 లక్షలు. పన్ను, సెస్ కలిపి 1,50,800.

పాత విధానంలో అద్దె మీద హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు 3 లక్షలు వస్తుంది (ఏడాది అద్దె 3.9 లక్షల్లోంచి బేసిక్‌లో పది శాతం 90,000 తీసేస్తే). 80సీ కింద 1.5 లక్షలు, తమ కుటుంబం ఆరోగ్య బీమాకు 25,000, 60 దాటిన తల్లిదండ్రుల బీమాకు 50,000, స్టాండర్డ్ డిడక్షన్ 50,000. మొత్తం 5.75 లక్షలు. మిగిలే ఆదాయం 12.25 లక్షలు. దాని మీద కొడుకు పర్సంటేజీని బట్టి పన్ను ఇలా ఉంటుంది:

| కొడుకు సర్టిఫికెట్ | పన్ను వేసే ఆదాయం | పాత విధానంలో పన్ను | కొత్త దానితో పోలిస్తే |
|---|---|---|---|
| లేదు | 12,25,000 | 1,87,200 | 36,400 ఎక్కువ |
| 40 నుంచి 79 శాతం | 11,50,000 | 1,63,800 | 13,000 ఎక్కువ |
| 80 శాతం లేదా ఆపైన | 11,00,000 | 1,48,200 | 2,600 తక్కువ |

ఇన్ని మినహాయింపులు ఉన్న ఇంట్లో కూడా 75,000 వల్ల తూకం మారలేదు. 1,25,000 వల్ల మారింది, అది కూడా 2,600 రూపాయల తేడాతో. అద్దె, బీమా, 80సీ ఏవీ పెద్దగా లేని ఇంట్లో 80డీడీ ఒక్కదాని కోసం పాత విధానంలోకి వెళ్తే నష్టమే. జీతం 24.75 లక్షలు దాటినవారికి స్టాండర్డ్ డిడక్షన్ కాకుండా మిగతా మినహాయింపులన్నీ కలిపి 8 లక్షలు దాటితేనే పాతది లాభం. ఆ లెక్కలో 80డీడీ ఒక ముక్క మాత్రమే. ఇంటి లోను వడ్డీ కూడా కడుతూ, అద్దె కూడా కడుతున్నవాళ్లే సాధారణంగా అక్కడిదాకా చేరుతారు. సొంత ఫ్లాటు ఒకచోట ఉండి, పిల్లాడి థెరపీ సెంటరు దగ్గర అద్దెకుంటున్న కుటుంబాలు అలాంటివే. ఆ ఫ్లాటు అద్దెకిస్తే వచ్చే ఆదాయాన్ని మాత్రం లెక్కలో కలపాలి.

75 శాతమా, 83 శాతమా

పైన చూసిన తేడా అంతా 80 అనే గీత దగ్గర వచ్చింది. కాబట్టి పర్సంటేజీ ఎలా వస్తుందో తెలియాలి.

మేధో వైకల్యానికి వైకల్య మార్గదర్శకాల్లో స్థిరమైన మెట్లు ఉంటాయి. మైల్డ్ అయితే 50 శాతం, మోడరేట్ అయితే 75, సివియర్ అయితే 90. మోడరేట్ పిల్లాడిని సైకాలజిస్ట్ దగ్గర మాత్రమే పరీక్ష చేయించి తెచ్చిన సర్టిఫికెట్ 75 దగ్గరే ఆగిపోతుంది. అదే పిల్లాడికి సెరిబ్రల్ పాల్సీ వల్ల నడకలో 50 శాతం చలన వైకల్యం కూడా ఉంటే, బోర్డు రెండింటినీ కూడదు. ఎక్కువదాన్ని అలాగే ఉంచి, రెండోదాంట్లో ఒక భాగాన్ని మాత్రం దానికి కలుపుతుంది:

```
75 + 50 × (90 − 75) ÷ 90 = 83.3
```

ఇలా 83 శాతం అవుతుంది, తండ్రికి 1,25,000 వస్తుంది. రెండో వైకల్యం 25 శాతమే అయితే 79.2 దగ్గర ఆగుతుంది. మొదటిది 75 ఉన్నప్పుడు రెండోది కనీసం 30 ఉంటేనే 80 అందుతుంది. పిల్లాడికి ఉన్న లోపాలన్నీ పరీక్షలో నమోదు కావాలని మాత్రమే దీనర్థం, లేనిది రాయించుకోమని కాదు. చిన్నప్పుడు తీసుకున్న పాత సర్టిఫికెట్‌లో ఒకటే వైకల్యం రాసి, రెండోది తర్వాత బయటపడి ఉంటే మళ్లీ అంచనాకు వెళ్లడం సమంజసం. ఆర్థోపెడిక్, న్యూరాలజీ కాగితాలు, సైకాలజీ రిపోర్టు రెండూ వెంట తీసుకెళ్లాలి. ఒకటి మర్చిపోతే బోర్డు రెండోదాని మీదే తేల్చేస్తుంది.

ఇక్కడే ఇంకో చిక్కు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. పన్ను చట్టం మాత్రం ఇంకా 1995 చట్టం నిర్వచనాన్నే పట్టుకుని ఉంది: చూపు లేకపోవడం, చూపు మందగించడం, కుష్ఠు నయమైనవారు, వినికిడి లోపం, చలన వైకల్యం, మేధో వైకల్యం, మానసిక జబ్బు. వీటికి ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యం కలిపింది. నిర్దిష్ట అభ్యసన లోపానికి, దేశమంతటా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు యూడీఐడీ ఉంది కదా అని 80డీడీ వేస్తే అది నిలబడుతుందని గ్యారంటీ లేదు. కార్డు మీద ఏ వైకల్యం రాసి ఉందో చూసుకున్నాకే వేయండి.

ఏ సర్టిఫికెట్

రెండు దారులు ఉన్నాయి. ఏది వర్తిస్తుందో వైకల్యమే చెబుతుంది, మీ ఇష్టం కాదు.

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యం అయితే ఫారం 10-ఐఏ కావాలి. దీని మీద సంతకం చేయగలిగేది న్యూరాలజీలో పీజీ డిగ్రీ ఉన్న న్యూరాలజిస్ట్, పిల్లలకైతే అదే స్థాయి డిగ్రీ ఉన్న పీడియాట్రిక్ న్యూరాలజిస్ట్, లేదా ప్రభుత్వ ఆసుపత్రి సివిల్ సర్జన్, చీఫ్ మెడికల్ ఆఫీసర్. అంటే ప్రైవేటులో చూపించుకునే న్యూరాలజిస్ట్ కూడా, డిగ్రీ సరిపోతే, సంతకం చేయవచ్చు. థెరపిస్టు రాసిన ఉత్తరం, స్పెషల్ స్కూలు ఇచ్చిన లెటర్‌హెడ్ కాగితం పనికిరావు. సంతకమైన ఫారం దగ్గర పెట్టుకుని, పన్ను చెల్లించేవారి లాగిన్‌లో `e-File` మెనూ కింద ఫారాల జాబితాలో `10-IA` తెరిచి వివరాలు నింపాలి. చివర్లో వచ్చే ఎక్నాలెడ్జ్‌మెంట్ నంబరు రాసిపెట్టుకోండి. రిటర్న్‌లోని 80డీడీ షెడ్యూల్ ఆ నంబరును, ఫారం దాఖలు చేసిన తేదీని అడుగుతుంది. ఆధారపడిన వ్యక్తి ఆధార్, పాన్ వివరాలు కూడా అక్కడే. యూడీఐడీ నంబరు ఉంటే అదీ ఇస్తారు. చాలామంది రిటర్న్ నింపుతూ ఈ గళ్ల దగ్గర ఆగి, అప్పుడు డాక్టరు అపాయింట్‌మెంట్ వెతుకుతారు. గడువు వారంలో అది జరిగే పని కాదు.

మిగతా వైకల్యాలకు ప్రభుత్వ బోర్డు ఇచ్చిన సర్టిఫికెట్ కావాలి. తెలంగాణలో చాలా ఏళ్లుగా ఇది సదరం పేరుతో నడిచింది. ఇప్పుడు దేశమంతటా ఒకే కార్డు అయిన యూడీఐడీ కోసం దరఖాస్తు `swavlambancard.gov.in`లో చేసుకోవచ్చు. అంచనా పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే జరుగుతుంది. ప్రైవేటు ఆర్థోపెడిక్ డాక్టరు "70 శాతం" అని రాసిచ్చిన కాగితం ఎంత స్పష్టంగా ఉన్నా, చలన వైకల్యానికి అది బోర్డు సర్టిఫికెట్‌కు బదులు కాదు.

ఈ దారుల్లో ఎవరికి ఏది తేలిక? సెరిబ్రల్ పాల్సీ పిల్లాడి తల్లిదండ్రులకు న్యూరాలజిస్ట్ ఎలాగూ ఉంటారు కాబట్టి 10-ఐఏ త్వరగా అవుతుంది. కానీ యూడీఐడీ కార్డు కూడా తీసుకోమనే నా సలహా. పన్ను శాఖ కోసం ఒక పర్సంటేజీ, పెన్షన్ కోసం ఇంకో పర్సంటేజీ ఉంటే ఏదో ఒకరోజు ప్రశ్న వస్తుంది. వీలైతే బోర్డు పరీక్ష ముందు చేయించుకుని, ఆ కాగితం న్యూరాలజిస్ట్‌కు చూపించి 10-ఐఏ తీసుకోండి. అప్పుడు రెండు చోట్లా ఒకే సంఖ్య ఉంటుంది.

గడువు సంగతి. చిన్న పిల్లలకు బోర్డు తరచూ కొన్నేళ్లకే చెల్లే సర్టిఫికెట్ ఇస్తుంది, మళ్లీ చూపించమని తేదీ వేస్తుంది. సర్టిఫికెట్ 2025 సెప్టెంబరులో ముగిసిందనుకోండి. చట్టం ప్రకారం అది ముగిసిన ఆర్థిక సంవత్సరం మొత్తానికి, అంటే 2025-26కు, మినహాయింపు వస్తుంది. 2026-27కు మాత్రం కొత్త సర్టిఫికెట్ లేనిదే రాదు. సెప్టెంబరులోనే అయిపోయింది కదా అని ఆ ఏడాది వదిలేసుకున్నవాళ్లు అనవసరంగా పోగొట్టుకున్నట్టే.

డబ్బు డిపాజిట్ చేసే దారి

80డీడీకి ఖర్చు బదులు ఇంకో అర్హత ఉంది. వైకల్యం ఉన్నవారి పోషణ కోసం పన్ను బోర్డు ఆమోదించిన ఎల్‌ఐసీ లేదా ఇతర బీమా సంస్థ పథకంలో డబ్బు కట్టడం. మినహాయింపు మొత్తం మాత్రం అదే 75,000 లేదా 1,25,000. ఇది రెండోసారి వచ్చేది కాదు. థెరపీకి ఇప్పటికే ఖర్చు పెడుతున్నవారు పన్ను కోసం ఈ పథకం కొనాల్సిన పనిలేదు. తమ తర్వాత పిల్లాడికి నెలనెలా డబ్బు అందాలన్న ఆలోచన ఉంటే వేరే విషయం. దురదృష్టవశాత్తు పిల్లాడు ముందే పోతే, తిరిగి వచ్చే మొత్తం కట్టినవారి ఆదాయంగా లెక్కలోకి వచ్చి పన్ను పడుతుంది. ఈ షరతు చదివాకే సంతకం పెట్టండి.

రిటర్న్ వేసేటప్పుడు

ఆఫీసులో పాత విధానం ఎంచుకోలేదని కంగారు పడక్కర్లేదు. జీతగాళ్లు రిటర్న్‌లో మార్చుకోవచ్చు, ఎక్కువ కోసిన టీడీఎస్ రిఫండ్‌గా వస్తుంది. కానీ ఆ మార్పు గడువు తేదీలోపు వేసిన రిటర్న్‌లోనే కుదురుతుంది. గడువు దాటి ఆలస్యపు రిటర్న్ వేస్తే కొత్త విధానమే గతి, 80డీడీ పోతుంది. వ్యాపారం, సొంత ప్రాక్టీసు ఉన్నవారు గడువులోపు ఫారం 10-ఐఈఏ కూడా వేయాలి. పైగా వాళ్లు పాతదానిలోకి వెళ్లి కొత్తదానికి తిరిగి వచ్చాక, మళ్లీ పాతదానికి వెళ్లే వీలుండదు. కాబట్టి వ్యాపారస్థులు ఒక్క ఏడాది 80డీడీ కోసం అటు దూకకుండా, తర్వాతి మూడు నాలుగేళ్లలో తమ మినహాయింపులు ఎలా ఉంటాయో చూసుకుని తేల్చుకోవాలి.

మొత్తం స్థిరమే అయినా, థెరపీ రసీదులు, స్పెషల్ స్కూలు ఫీజు రసీదులు, నర్సింగ్ బిల్లులు కొన్ని ఫైల్లో పెట్టుకోండి. ఖర్చు జరిగిందని చూపించాలంటే ఏదో ఒకటి ఉండాలి. పూర్తి 1,25,000కు బిల్లులు సరిపోయాయా అన్న టెన్షన్ మాత్రం వద్దు, చట్టం ఆ లెక్క అడగదు.